బీట్‌రూట్‌లో ఉంటే మందు, సాసేజ్‌లో ఉంటే ముప్పు: నైట్రేట్ గొడవేమిటి?

ప్రశ్న: మా వారికి బీపీ. ఎవరో చెప్పారని రోజూ పొద్దున ఒక గ్లాసు బీట్‌రూట్ రసం ఇస్తున్నాను. వారానికి మూడు నాలుగు సార్లు పాలకూరో తోటకూరో పప్పులో వేస్తాను. మా అబ్బాయి విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఇంటికొచ్చినప్పుడల్లా ఫ్రిజ్ నిండా చికెన్ సాసేజ్‌లు, సలామీ తెచ్చి పెట్టుకుంటాడు. అందులో నైట్రైట్ ఉంటుంది, క్యాన్సర్ వస్తుందట, మానేయరా అంటే, "అమ్మా, నీ బీట్‌రూట్‌లో, పాలకూరలో అంతకు పదింతలు నైట్రేట్ ఉంది. నాన్నకి మందని పోస్తున్నావు, నాకు విషమంటున్నావు" అంటాడు. నెట్‌లో చూపించాడు కూడా. నాకు నోట మాట రాలేదు. వాడు చెప్పింది నిజమా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు:

అమ్మా, మీ అబ్బాయి చెప్పిన అంకె నిజమే. కిలో పాలకూరలో రెండు గ్రాముల దాకా నైట్రేట్ ఉండటం మామూలు. బీట్‌రూట్‌లోనూ కిలోకి ఒకటి రెండు గ్రాములు ఉంటుంది. మాంసం నిల్వకి వాడే సోడియం నైట్రైట్ దీని ముందు చాలా తక్కువ. అమెరికాలో బేకన్ అనే నిల్వ పంది మాంసానికి కిలోకి 120 మిల్లీగ్రాములు కలపమంటారు. యూరప్‌లో చాలా ఏళ్లు 150 దాకా ఒప్పుకున్నారు, ఈమధ్య ఇంకా తగ్గించారు. పదింతలంటే అబ్బాయి కాస్త తగ్గించే చెప్పాడన్నమాట. అంకె నిజమైనా దాన్నుంచి అతను తేల్చిన మాట మాత్రం నిలవదు. ఎందుకు నిలవదో మీరు అతనికి చెప్పగలగాలి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు రెండు పేర్లు విడదీసుకుందాం. కూరల్లో ఉండేది నైట్రేట్. సాసేజ్‌లో కలిపేది ఎక్కువగా నైట్రైట్. నైట్రేట్‌లోంచి ఒక ఆక్సిజన్ పరమాణువు ఊడితే నైట్రైట్ అవుతుంది. నైట్రేట్ తనంతట తాను పెద్దగా దేనితోనూ కలబడదు, తాగిన నీళ్లలా వచ్చి మూత్రంలో పోతుంది. నైట్రైట్ అలా కాదు, చురుకైనది. మంచైనా చెడైనా అక్కడి నుంచే మొదలవుతుంది.

మొక్కకి నైట్రేట్ భూమిలోంచి వస్తుంది. పశువుల ఎరువు వేసినా యూరియా వేసినా చివరికి వేరు తాగేది చాలావరకు నైట్రేట్‌నే. ఎండ బాగా ఉంటే ఆకు దాన్ని ప్రోటీన్‌గా మార్చుకుంటుంది. మబ్బు పట్టినా, ఎరువు ఎక్కువైనా వాడుకోలేక కాడల్లో దాచుకుంటుంది. ఉండవల్లి, పెనుమాక వైపు నుంచి వచ్చే పాలకూర కట్టనే తీసుకోండి. ఆకు కంటే కాడలో నైట్రేట్ ఎక్కువ. తెల్లవారుజామున కోసిన కట్టలో, ఎండలో నిలబడి సాయంత్రం కోసిన దానికంటే ఎక్కువ.

ఇప్పుడు మీ వారు తాగే రసం దగ్గరికి వద్దాం. ఆ నైట్రేట్ పేగుల్లోంచి రక్తంలోకి వెళ్తుంది. ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది గానీ, దాదాపు పావు వంతుని లాలాజల గ్రంథులు రక్తంలోంచి లాగేసుకుని మళ్లీ నోట్లోకి పంపిస్తాయి. నాలుక వెనక భాగంలో గరుకుగా ఉండే చోట కొన్ని బ్యాక్టీరియాలు కాపురముంటాయి. అవి ఆ నైట్రేట్‌లో కొంత భాగాన్ని నైట్రైట్ చేస్తాయి. మనం ఉమ్మి మింగినప్పుడల్లా అది కొద్దికొద్దిగా కడుపులోకి చేరుతుంది. మొత్తం లెక్క చూస్తే, తిన్న నైట్రేట్‌లో నూటికి ఐదు నుంచి ఏడు పాళ్లు ఇలా నైట్రైట్‌గా మారుతుంది.

దీన్ని లండన్‌లో 2008లో చాలా తేలికైన పద్ధతిలో తేల్చారు. ఆరోగ్యంగా ఉన్న కొందరికి అర లీటరు బీట్‌రూట్ రసం ఇచ్చారు. సుమారు మూడు గంటలకి పైబీపీ పది పాయింట్ల దాకా తగ్గింది. ఇంకోసారి అదే రసం ఇచ్చి, తర్వాత ఉమ్మి మింగకుండా ఉమ్మేయమన్నారు. రసం అంతే తాగారు, కడుపులోకి అంతే వెళ్లింది. కానీ రక్తంలో నైట్రైట్ పెరగలేదు, బీపీ తగ్గలేదు. బీట్‌రూట్ చేసే పనికి నాలుక మీది ఆ బ్యాక్టీరియా, ఆ ఉమ్మి ఎంత అవసరమో దీంతో తేలిపోయింది. అందుకే మీ వారు పళ్ల డాక్టరు రాసిన క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ లాంటిది రోజూ పుక్కిలిస్తుంటే రసం పెద్దగా పనిచేయదు.

కడుపులోకి, రక్తంలోకి చేరిన నైట్రైట్ నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుతుంది. రక్తనాళాలని వదులు చేసేది అదే. శరీరంలో దాని పాత్ర కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి వైద్యశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. బీపీ ఉన్నవాళ్ల మీద అదే లండన్ బృందం 2015లో ఇంకో పరీక్ష చేసింది. రోజుకి 250 మిల్లీలీటర్ల రసం, నాలుగు వారాలు. సగం మందికి మామూలు రసం, మిగతా సగం మందికి నైట్రేట్ మాత్రం తీసేసిన బీట్‌రూట్ రసం. మామూలు రసం తాగినవాళ్లకి పైబీపీ సగటున ఏడెనిమిది పాయింట్లు తగ్గింది. మానేశాక మళ్లీ పాత చోటికే వచ్చింది. మీ వారి విషయంలో ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి: రసం చేసే మేలు తాగినన్నాళ్లే, పైగా అది మాత్రకి బదులు రాదు.

ఇప్పుడు మీ అబ్బాయి వాదనని అంకెల్లో పెట్టి చూద్దాం. మీ పప్పులో మనిషికి వంద గ్రాముల పాలకూర పడిందనుకోండి. కిలోకి రెండు గ్రాముల చొప్పున 200 మిల్లీగ్రాముల నైట్రేట్. అందులో నూటికి ఐదు నుంచి ఏడు పాళ్లు మారితే, ఊడిపోయిన ఆక్సిజన్ బరువు పోగా, ఒళ్లు సొంతంగా తయారుచేసుకునే నైట్రైట్ ఏడు నుంచి పది మిల్లీగ్రాములు. అబ్బాయి వంద గ్రాముల సాసేజ్ తిన్నాడనుకుందాం. ఫ్యాక్టరీలో కలిపిన నైట్రైట్‌లో చాలా భాగం మాంసంతో కలిసిపోతుంది, అమ్మే నాటికి విడిగా మిగిలేది కొద్దే. ఎక్కువే అనుకుని కిలోకి 50 మిల్లీగ్రాములు వేసుకున్నా, అతని ప్లేటులో ఉన్నది ఐదు. ఉత్త నైట్రైట్ లెక్కలో మీ పప్పే ఎక్కువ! ఇక్కడ దాపరికం అక్కర్లేదు. నైట్రేట్‌కి నిపుణులు పెట్టిన రోజువారీ హద్దు కిలో బరువుకి 3.7 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 222. మీ పాలకూర పప్పు దాదాపు ఆ హద్దు దగ్గరికే వచ్చింది. మీ వారి గ్లాసు రసం ఒక్కోసారి దాన్ని దాటేస్తుంది కూడా. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2008లో ఇదే విషయం చూసి, కూరగాయల వల్ల వచ్చే మేలు ఈ భయం కంటే చాలా ఎక్కువని తేల్చింది.

మరి తేడా ఎక్కడుంది? నైట్రైట్ ఎవరి పక్కన కూర్చుందన్న దాంట్లో ఉంది.

కడుపులో ఆమ్లం తగలగానే నైట్రైట్‌కి రెండు దారులుంటాయి. దగ్గర్లో విటమిన్ సి, ఆకుకూరల్లో ఉండే పాలీఫినాల్స్ లాంటివి ఉంటే, అవి దాన్ని నైట్రిక్ ఆక్సైడ్ వైపు తోస్తాయి. దగ్గర్లో అమైన్లు ఉంటే, అంటే మాంసంలోని ప్రోటీన్ విరిగినప్పుడు వచ్చే పదార్థాలు ఉంటే, వాటితో కలిసి నైట్రోసమైన్ అవుతుంది. అసలు భయమంతా ఈ నైట్రోసమైన్‌ గురించే. వాటిలో ఒకటైన డైమిథైల్ నైట్రోసమైన్ ఎలుకల కాలేయంలో కణితులు పుట్టిస్తుందని 1956లోనే బయటపడింది. ఎర్ర మాంసానికి రంగునిచ్చే హీమ్ అనే ఇనుప పదార్థం ఉంటే పేగుల్లో ఈ జాతి పదార్థాలు తయారవడం ఇంకా పెరుగుతుంది.

పాలకూర పప్పులో ఆకుతోపాటు ఆ కాపలా పదార్థాలూ ఉన్నాయి, మాంసం లేదు. వండితే విటమిన్ సి కొంత పోతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. దించాక నిమ్మకాయ పిండే అలవాటు మీకుంటే ఆ లోటు కొంత తీరుతుంది. బీట్‌రూట్‌లో విటమిన్ సి తక్కువే గానీ, దాని ఎర్ర రంగు పదార్థాలూ ఇతర పాలీఫినాల్స్ తోడున్నాయి, హీమ్ లేదు. ఇంకో సంగతి: కూరలోంచి వచ్చే నైట్రైట్ కొద్దికొద్దిగా, గంటల తరబడి ఉమ్మితో దిగుతుంది.

సాసేజ్‌లో కథ మీ అబ్బాయి కొరకక ముందే మొదలైంది. ఫ్యాక్టరీలో నైట్రైట్‌ని నేరుగా మాంసంలో కలిపి, దాంతోనే ఉంచి, పొగ పెట్టి, వేడి చేస్తారు. తర్వాత మనం పెనం మీద వేస్తాం. అమెరికాలో 1970లలో బేకన్ మీద పరీక్షలు చేసినప్పుడు విచిత్రమైన సంగతి కనిపించింది. పచ్చి బేకన్‌లో సాధారణంగా కనబడని నైట్రోసోపైరోలిడిన్ అనే పదార్థం, కరకరలాడేలా వేపిన తర్వాత కనబడింది. ముక్కలోకంటే పెనంలో కరిగి మిగిలిన కొవ్వులో ఇంకా ఎక్కువగా ఉంది. మాంసంలోని ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం, నైట్రైట్, గట్టి మంట, ఈ మూడూ కలిస్తే వచ్చేదది. అక్కడి ప్రభుత్వం 1978లో బేకన్‌లో నైట్రైట్‌ని 120కి తగ్గించి, దాంతోపాటు కిలోకి 550 మిల్లీగ్రాముల చొప్పున విటమిన్ సి జాతి పదార్థం తప్పనిసరిగా కలపాలంది. ఆకుకూరలో ఉన్న కాపలానే పైనుంచి తెచ్చి మాంసంలో పెట్టారు. దానివల్ల నైట్రోసమైన్ తగ్గింది, పూర్తిగా పోలేదు.

నైట్రైట్ అసలు కలపకుండా ఉండొచ్చు కదా అని మీరు అడగొచ్చు. గాలి తగలని మాంసంలో బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషాన్ని పుట్టించే బ్యాక్టీరియాని అది పెరగనివ్వదు. ఆ పని మాత్రం నిజంగా విలువైనది. రంగు, రుచి కూడా దాని వల్లే వస్తాయి.

ఈ వాదన ఇంకా నమ్మకపోతే మీ అబ్బాయికి ఈ ఒక్కటి చెప్పండి. విదేశాల్లో కొన్ని కంపెనీలు "నైట్రైట్ కలపలేదు" అని రాసి అమ్మే బేకన్, హామ్ ఉంటాయి. వాటిలో సెలెరీ అనే ఆకుకూర పొడి వేస్తారు. సెలెరీలో నైట్రేట్ బాగా ఉంటుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియాతో పులియబెడితే నైట్రైట్ అవుతుంది, అది మాంసంలో చేరి అచ్చం ఫ్యాక్టరీ నైట్రైట్ చేసే పనే చేస్తుంది. అదే రంగు, అదే ముప్పు. కూరలోంచి వచ్చింది కదా అని దానికి మంచితనం అంటుకోలేదు. అలాగే ఫ్యాక్టరీది కాబట్టి నైట్రైట్‌కి ప్రత్యేకంగా పాపమూ లేదు. అణువు ఒక్కటే, దాన్ని మాంసంలో పెట్టి కాల్చామా, ఆకులో ఉండగా తిన్నామా అన్నదే ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో ఇచ్చిన తీర్పు కూడా ఇలాగే జాగ్రత్తగా ఉంది: శరీరంలో నైట్రోసమైన్ జాతి పదార్థాలు తయారయ్యే పరిస్థితుల్లో తీసుకున్న నైట్రేట్ గానీ నైట్రైట్ గానీ బహుశా క్యాన్సర్ కారకం. ఆ "పరిస్థితుల్లో" అన్న మాటని నెట్‌లో చాలామంది వదిలేస్తారు.

అదే సంస్థ 2015లో నిల్వ మాంసాన్ని మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని గట్టిగా తేలిన వాటిలో పెట్టింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క చెప్పింది. సిగరెట్ ఉన్న వర్గంలోనే పెట్టారని ఆ రోజు పెద్ద గోల అయింది గానీ, వర్గం అనేది సాక్ష్యం ఎంత గట్టిగా ఉందో చెబుతుంది, ముప్పు ఎంత పెద్దదో చెప్పదు. వెయ్యి మందిలో ఇరవై మందికి ఆ జబ్బు వచ్చే చోట, అందరూ రోజూ 50 గ్రాములు తింటే ఇరవై ముగ్గురో నలుగురో అవుతారని అర్థం. మీ అబ్బాయి రేపే పడిపోతాడని కాదు, అలాగని కొట్టిపారేసేదీ కాదు. ఈ ముప్పుకి నైట్రైట్ ఒక్కటే కారణం కూడా కాదు. హీమ్, పొగ, కాల్చినప్పుడు పుట్టే పదార్థాలు, ఉప్పు అన్నీ కలిసి ఉన్నాయి. చికెన్‌లో హీమ్ తక్కువ కాబట్టి చికెన్ సాసేజ్ పంది, గొడ్డు మాంసం సాసేజ్ కంటే కొంత నయమై ఉండొచ్చు. కానీ నిల్వ మాంసం అన్న నిర్వచనంలోంచి ఆ సంస్థ చికెన్‌ని మినహాయించలేదు.

విటమిన్ సి అన్నిచోట్లా కాపాడుతుందని మాత్రం అనుకోకండి. కడుపులాంటి ఏర్పాటు చేసి ప్రయోగశాలలో చూసినప్పుడు, కొవ్వు లేనప్పుడు నైట్రోసమైన్‌ని అడ్డుకున్న విటమిన్ సి, పది శాతం కొవ్వు చేర్చేసరికి కొన్నిటిని పెంచింది. నైట్రిక్ ఆక్సైడ్ కొవ్వులోకి దూరి, అక్కడ ఆక్సిజన్‌తో కలిసి మళ్లీ ఇబ్బందికరంగా మారడమే కారణం. కాబట్టి సాసేజ్ తిని పక్కనే నిమ్మరసం తాగేస్తే సరిపోతుందన్న ఉపాయం మీద నాకు నమ్మకం లేదు.

గోంగూర మటన్ సంగతేమిటని ఈ ఊళ్లో ఎవరైనా అడుగుతారు. తాజా మటన్‌లో నైట్రైట్ కలపరు. హీమ్ ఉంటుంది కాబట్టి ఎర్ర మాంసం అతిగా తినడం మంచిది కాదని వేరే లెక్క ఉంది, గోంగూర దానికి బాధ్యురాలు కాదు. ఆదివారం వండుకుని తినండి.

నీళ్ల గురించి మాత్రం తప్పక చెప్పాలి. బోరు నీళ్లలో కూడా నైట్రేట్ ఉండొచ్చు. ఎరువులు ఎక్కువ వాడే మన వైపు పల్లెల్లో ఇది కొత్త కాదు. తాగే నీటికి మన దేశంలో హద్దు లీటరుకి 45 మిల్లీగ్రాములు. నీళ్లలో విటమిన్ సి లేదు, పాలీఫినాల్స్ లేవు, కాపలా ఏమీ లేదు. మరిగిస్తే నైట్రేట్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పల్లెలో మీ బంధువులు సొంత బోరు నీళ్లు తాగుతుంటే, ఒకసారి పరీక్ష చేయించమనండి. ఆరు నెలల లోపు పసిపిల్లలకి ఆ నీళ్లతో డబ్బా పాలు కలిపితే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారే జబ్బు రావచ్చు. అదే కారణంతో అంత చిన్న పిల్లలకి పాలకూర, బీట్‌రూట్ గుజ్జు పెట్టకూడదు.

ఇక మీ ఇంటికి సంబంధించి. అబ్బాయి తెచ్చిన ప్యాకెట్ వెనక చూడండి. ఐఎన్‌ఎస్ 250 అని ఉంటే సోడియం నైట్రైట్, 251 అయితే సోడియం నైట్రేట్, 249, 252 అయితే వాటి పొటాషియం రూపాలు. లేబుల్ చిరిగిపోయినా ఒక గుర్తు ఉంది: మామూలు చికెన్ ఉడికితే లోపల తెల్లబడుతుంది, నైట్రైట్ కలిపిన సాసేజ్ ఉడికి విరిచినా లోపల గులాబీ రంగులోనే ఉంటుంది. ఈ రకం నెలకో రెండుసార్లు తింటే నేను అడ్డు చెప్పను. వారం వారం ఫ్రిజ్ నింపుకోవడం మాన్పించండి. తినేరోజున మాడేదాకా వేపకుండా, నీళ్లలో ఉడికించి పైపైన వేడి చేయమనండి, పెనంలో మిగిలిన కొవ్వుని పారబోయమనండి. ఆకలేసినప్పుడు చేతికందేది కావాలనుకుంటే, ఉడికించి తీసిన కోడిమాంసం ముక్కలకి ఉప్పూకారం పట్టించి మీరే డబ్బాలో పెట్టి ఇవ్వండి. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు బానే ఉంటుంది.

మీ వారి రసం కొనసాగించండి. గ్లాసు చాలు, చక్కెర వేయకండి. మూత్రం, విరేచనం ఎర్రగా వస్తే కంగారు పడకండి, అది బీట్‌రూట్ రంగు. అయితే రోజూ తాగుతున్నానని డాక్టరుకి చెప్పమనండి. బీపీ మాత్రలతో కలిసి మరీ తగ్గి, లేవగానే కళ్లు తిరిగితే మోతాదు చూసుకోవాల్సింది ఆయనే. కిడ్నీలో రాళ్లొచ్చిన చరిత్ర ఉంటే మాత్రం రోజూ రసం, పాలకూర రెండూ కలిపి వద్దు, వాటిలో ఆక్జలేట్ ఎక్కువ. కిడ్నీ పనితనం తగ్గినవాళ్లకి బీట్‌రూట్‌లోని పొటాషియం కూడా ఇబ్బందే. అలాంటిదేదైనా ఉంటే మొదలుపెట్టే ముందే అడగండి.

మీకొక చిన్న మాట, పొద్దున వండిన పాలకూర పప్పుని ఎండాకాలంలో రాత్రి దాకా గట్టు మీద ఉంచకండి. ఆ వేడికి బయటి బ్యాక్టీరియా చేరి, నాలుక మీద కొద్దికొద్దిగా జరగాల్సిన పని గిన్నెలోనే చేసేస్తుంది. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, రాత్రికి కావలసినంతే తీసి వేడి చేసుకోండి.